మోగని ఫోను

పాలు కొన్నా గోటి మీద చుక్క వేసి చూసే రకాన్ని నేను. రాయ్‌పూర్ శివార్లలోని మా రోలింగ్ మిల్లుకి వచ్చిన కొత్త ఇంజినీరు "అన్నా, నీ ఫోన్ ఓసారి ఇయ్యి" అనగానే జేబుకి చెయ్యి అడ్డం పెట్టాను. ఆయనది వరంగల్ వైపు. తెలుగువాడే, కానీ మనవాడో కాదో ఇంకా తేలలేదు.

నేను మెయింటెనెన్స్ ఫిట్టర్ని. ఏది చెడినా కబురు ఫోన్‌లోని యాప్‌కి వస్తుంది. దాని పక్కనే మిల్లు వాట్సాప్ గ్రూపు: గుడ్‌మార్నింగులు, గులాబీలు, క్యాంటీన్ కూరలు. ఇంజినీరు నా షిఫ్టు గంటలకి 'డు నాట్ డిస్టర్బ్' పెట్టాడు. యాప్‌లో అర్జంటు పనీ, మా ఆవిడ ఫోనూ మోగుతాయి. మామూలు పనులు చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటాయి. గ్రూపు నోరు పూర్తిగా మూతపడింది.

నా భయమల్లా ఒకటే. ఆయన వచ్చిన కొత్తలో మొదట ఇలా మార్చింది నా తోటి ఫిట్టర్ ఫోన్ని. పోయిన నెల పంపు కాలిపోతే "మెసేజ్ వచ్చింది, నువ్వే చూడలేదు" అని వాణ్ణి పనిలోంచి తీసేశారు. మోగలేదని వాడు ఒట్టేసి చెప్పాడు. తరువాతి వంతు నాదేననుకున్నాను. వాడైతే రోజూ ఫోన్ చేసి ముందు "మోగిందా?" అనే అడిగేవాడు.

"అనుమానం పెనుభూతం" అంది మా ఆవిడ. అనుమానం లేనివాడి ఉద్యోగం ఏమైందో చూశాను కదా! క్రేన్ ఆపరేటర్ని బతిమాలి ఉత్తుత్తి అర్జంటు పని పెట్టించాను. ఫోన్ గోలగోలగా మోగింది. అది తనకీ మోగడంతో ఇంజినీరు పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి నవ్వాడు. "తీరిందా అన్నా అనుమానం?"

తీరలేదు. టీ వేళ గ్రూపు తెరిచి చూశాను. గులాబీల మధ్య పంపు ఆపరేటర్ రాసిన మాట: "పంపు గరగరమంటోంది." అప్పటికే అరగంటయింది. పరుగెత్తాను. బేరింగు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. స్టాండ్‌బై పంపు వేసి, దీన్ని ఆపేశాను.

ఇంజినీరు వచ్చి పంపు ఆపరేటర్ని హిందీలో అడిగాడు, "యాప్‌లో అర్జంటు ఎందుకు పెట్టలేదు?"

ఆపరేటర్ తల దించుకున్నాడు. "అర్జంటు పెడితే మా లైను పేరు పాడవుతుందని ఫోర్‌మన్ తిడతాడు సాబ్. గ్రూపులోనే రాయమన్నాడు."

"పోయిన నెల కూడానా?"

"అప్పుడూ అంతే సాబ్."

ఇంజినీరు మొహం వాడిపోయింది. నా వైపు తిరిగాడు. "ఆ తీసేసిన ఫిట్టర్ నంబర్ ఇయ్యి అన్నా. నేను మాట్లాడతా."

అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. నేనే కలిపి స్పీకర్ పెట్టాను. వాడు హలో అయినా అనలేదు.

"మోగిందా?"

నేను నోరు తెరిచేలోగా ఇంజినీరే చెప్పాడు.

"మోగలే తమ్మీ. నీకు కూడా మోగలే."