తనకు తెలియకుండా వదిలిన ఊపిరి

రాజమండ్రిలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే ఆసుపత్రికి ఒకసారి సముద్రపు ఒడ్డు నుంచి చేపలమ్ముకునే ఆవిడ వచ్చింది. పేగు ఆపరేషన్ అయింది, పొట్ట మీద పెద్ద కోత. పక్కన అక్క తోడుంది. మూడోనాటికి రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల అడుగుభాగం కాస్త ముడుచుకుపోయినట్టు కనిపించింది.

కారణం ఆవిడను చూస్తేనే తెలుస్తోంది. నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తోంది, ప్రతి ఊపిరీ ఒకే కొలత. మామూలుగా మనం గంటలో చాలాసార్లు మనకు తెలియకుండానే నిట్టూరుస్తాం. ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న చిన్న గాలి గదులు ఉంటాయి. చిన్న ఊపిరులే తీస్తూ పోతే కొన్ని మూసుకుపోతాయి. మెదడే అప్పుడప్పుడూ నిట్టూర్పుగా ఒక పెద్ద ఊపిరి తీయించి వాటిని తెరుస్తుంది. నొప్పి, మత్తుమందులు ఆ ఊపిరిని అణిచేస్తాయి.

గాలి పీల్చితే లోపల బంతులు పైకి లేచే ఊపిరి కసరత్తు గొట్టం చేతికిచ్చి, "గట్టిగా లోపలికి పీల్చండమ్మా" అన్నాను.

"కుట్లు ఊడిపోతాయండీ, నావల్ల కాదు," అని పక్కన పెట్టేసింది.

ఆవిడ మనసు అక్కడ లేదు. సముద్రం మీదికి వెళ్ళిన భర్త బోటు పొద్దుటికల్లా రావాలి, మధ్యాహ్నమైనా కబురు లేదు. చూపంతా ఫోను మీదే.

నేను లేవబోతుండగా ఫోను మోగింది. ఇంజను చెడితే వేరే బోటు తాడు కట్టి లాక్కొచ్చిందట, అందరూ ఒడ్డుకు చేరారు. ఆవిడ ఫోను దించింది. లోపలికి పెద్ద ఊపిరి తీసింది, దాని మీద ఇంకో చిన్న ఊపిరి, తర్వాత మెల్లగా వదిలింది. వెంటనే "అబ్బా!" అని పొట్ట పట్టుకుంది.

"ఏంటే ఆ నిట్టూర్పు? మంచి కబురొచ్చిన వేళ!" అని అక్క కసిరింది.

"నేనెక్కడ నిట్టూర్చానే?"

నాకు నవ్వొచ్చింది. "నిట్టూర్చారమ్మా. కుట్లు కూడా ఊడలేదు. నాక్కావలసింది సరిగ్గా ఆ ఊపిరే," అన్నాను. దిండు తెచ్చి కోత మీద అదిమి పట్టుకోమన్నాను. ఈసారి గొట్టం నోట పెట్టుకుని తనే కావాలని పెద్ద ఊపిరి తీసింది. ఒక బంతి లేచింది. దగ్గు వచ్చింది, దాంతో కఫమూ వచ్చింది.

"నిట్టూరిస్తే ఇంటికి మంచిది కాదంటారు కదండీ?" అంది అక్క.

"చెల్లెలికి మంచిదేనండీ. వద్దనకండి."

ఆ ఊపిరి తర్వాత ఆవిడ శ్వాస నెమ్మదించడం గమనించాను. పొద్దుటి నుంచీ అది వేగంగా, బిగుసుకున్నట్టు ఉంది. భుజాలు కిందికి దిగాయి. బెంగ తీరినందుకు ఊపిరి వదిలిందో, ఊపిరి వదిలినందుకు మనసు కుదుటపడిందో నేను చెప్పలేను. రెండూ ఒకదానికొకటి సాయం చేసుకుంటాయనే నా నమ్మకం.

రెండు రోజులకు ఆక్సిజన్ తీసేశారు. ఆ సాయంత్రం వార్డుకు వెళ్ళేసరికి ఆవిడ దిండు పొట్టకు అదుముకుని పక్క మంచం పేషెంటుకు చెబుతోంది: "భయపడకండి, ఇలా పట్టుకుని ఊపిరి లోపలికి లాగండి."