రేపు కట్ కాబోయే నీళ్ళ బిల్లు

బస్సు వంతెన దిగుతూ ఒక్క కుదుపు కుదిపేసరికి పక్కసీటామె ఫోను జారి మీటరాయన ఒళ్ళో పడింది.

వీధుల్లో ఆయనకున్న పేరు అదే. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదువుతున్నాడు. పుస్తకాలు చదివి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు చివరికి చెప్పుకోడానికి నాలుగు మాటలైనా మిగులుతాయి. ఈయన చదివినవన్నీ అంకెలే, అవీ ఎవరో తాగేసి, ఉతికేసి, పారబోసిన నీళ్ళవి. మోకాళ్ళు అరిగాయి. కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆ సంగతి ఆఫీసులో పొక్కనివ్వలేదు. "ఇంకొక్క తప్పు రీడింగు వచ్చిందా, కాంట్రాక్టు పొడిగించేది లేదు" అని పై అధికారి పోయిన నెలే తేల్చేశాడు. కూతురి నర్సింగు చదువు అయ్యేదాకా, మరో తొమ్మిది నెలలు ఎలాగోలా లాక్కురావాలి.

"బాబాయ్, ఏమనుకోకండి. ఇంగ్లీషులో ఉంది, ఏముందో కాస్త చదివిపెట్టరూ? రోజూ వచ్చే లోను ఆఫరు అనుకుని తోసేయబోయాను" అందామె. చేతులకు సబ్బు వాసన.

ఆయన ఫోను ఎడమకంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "నీళ్ళ బిల్లమ్మా. రేపు మీ ఆటోపేలోంచి కట్ అవుతుందట. ఆరువేల ఎనిమిది వందల నలభై."

"ఆరువేలా! నెలకి ఎనిమిదొందలు మించదే!"

ఆమెది లాండ్రీ. ఖాతాలో ఉన్నది ఏడువేలు. ఆ డబ్బు తీసుకుని రేపు మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి ఆవిరి ఇస్త్రీ బాయిలరు బాగుచేస్తే సరి, లేకపోతే హాస్టలు దుప్పట్ల పని పక్కవీధి వాళ్ళకు పోతుంది. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ఆటోపేకి హద్దెంత పెట్టారు?"

"పదివేలు. ఏడాది మొత్తానికి కదా అని కాస్త ఎక్కువే పెట్టా."

మీటరాయన నిట్టూర్చాడు. నెలకు పది గుమ్మాల్లోనైనా ఇదే పాఠం చెబుతుంటాడు. "ఏడాదికి కాదు తల్లీ, కట్ అయిన ప్రతిసారికీ అది హద్దు. పదిహేను వేల దాకా పిన్ను అడగరు. మీరు పెట్టిన పదివేలు దాటితే అసలే పోదు. ఈ బిల్లు రెంటికీ లోపలే ఉంది, అడక్కుండానే పోతుంది."

"అలాంటప్పుడు ముందురోజు ఈ కబురెందుకు, ఏడవడానికా?"

"ఆపుకునేవాళ్ళు ఆపుకుంటారని. మీ యాప్‌లో ఆటోపే తెరవండి. నీళ్ళ బిల్లు నొక్కండి. కింద పాజ్ అని ఉందా? అది నొక్కి పిన్ను కొట్టండి."

ఆమె పిన్ను కొడుతున్నంతసేపూ ఆయన కిటికీవైపు చూశాడు. పాజ్ అయినట్టు తెరమీద కనబడగానే ఆమె వీపు సీటుకు ఆనింది.

"హమ్మయ్య! పీడా పోయింది."

"ఎక్కడికీ పోలేదు. ఆగింది డబ్బే, బిల్లు అలాగే ఉంది. గడువులోగా సరిచేయించి పాజ్ తీసేయండి, లేదా మీరే చేత్తో కట్టుకోండి. ఊరుకుంటే జరిమానా పడుతుంది."

"సరిచేయించాలా? దుకాణం మూసుకుని ఆఫీసు చుట్టూ తిరగాలా? చదివినోడి కళ్ళలో కారం కొట్ట! మా మీటరు మెట్లకింద, సబ్బునీళ్ళ డ్రమ్ము వెనక ఉంటుంది. వంగి చూడ్డానికి దొరగారికి నడుం నొప్పేమో!"

నడుం కాదు, మోకాలు. ఆ డ్రమ్ము మీటరాయనకు బాగా గుర్తుంది. ఆవిరి పట్టిన గాజు తుడవాలంటే మోకాలు వంచాలి, వంచలేదు. ఆమె దుకాణంలో లేని పూట, నిలబడే చూసి రాసేశాడు.

"రీడింగు ఎంత వేశారు?" అన్నాడు.

ఆమె బిల్లు తెరిచింది. "ఎనిమిది వందల ఎనభై ఎనిమిది."

"మధ్యలోది మూడయ్యుంటుంది."

"మీకెలా తెలుసు?"

ఆయన సంచిలోంచి బిల్లులు కొట్టే మిషను తీసి, ఆమె ఫోనులోని కనెక్షను నంబరు ఒక్కొక్క అంకే చూసి ఎక్కించుకున్నాడు. ఈసారి రెండుసార్లు సరిచూశాడు. ఆమె మిషను వంక చూసింది, ఆయన కంటి వంక చూసింది. నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది.

"బాబాయ్..."

నీళ్ళ ఆఫీసు స్టాపు వచ్చింది. ఆయన దిగాల్సింది ఇంకా రెండు స్టాపుల అవతల. అధికారి గది కిటికీలో లైటు వెలుగుతూనే ఉంది. మీటరాయన ముందుసీటు పట్టుకుని లేచి, మెట్టుకో ఊపిరి చొప్పున దిగాడు. వెనక కిటికీలోంచి ఆమె మళ్ళీ పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు. మిషను చంకన పెట్టుకుని, కుంటుతూ గేటులోకి వెళ్ళిపోయాడు.