గేటు కాడ ఎవరు?

కోరుట్లలో సీసీ కెమెరాలు బిగించే దుకాణానికి ఒక చిన్న వీడియో స్క్రిప్టు రాయమన్నారు. యజమాని ఒక కస్టమరు పంపిన వాయిస్ మెసేజ్ వినిపించి, నా ఫోన్‌కూ పంపాడు.

"మా ఆయన దుబాయ్‌ల ఉంటడు. ఇంట్ల నేనూ, బిడ్డ ఇద్దరమే. కెమెరా పెట్టినంక గేటు కాడ ఎవరున్నరో ఫోన్ల చూసి తలుపు తీస్తున్న. జర ధైర్యంగుంది."

"దీనికి 'దొంగ గేటు ముట్టకముందే ఫోన్ మోగుతది' అని కలుపు భయ్యా, అదిరిపోతది" అన్నాడు.

జగిత్యాల గ్రంథాలయంలో ప్రకటనల రాత మీద దొరికిన పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. దుకాణాన్ని మెచ్చుకున్నంత మాత్రాన ఆ మాట ఊరికి వినిపించమన్నట్టు కాదని తెలుసు. ముందుగా ఫోన్ చేసి, స్క్రిప్టు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇద్దరమే ఉంటమని అందరికీ చెప్తరా అన్నా? నా గొంతు గుర్తువట్టరా?"

అంతలో గేటు దబదబా మోగింది. ఒళ్లోని ఫోన్ మాత్రం మోగలేదు. మళ్లీ కొట్టారు. ఆమె బిడ్డను వెనక్కి లాక్కుంది. అప్పుడు మోగింది ఫోన్. తెర మీద హెల్మెట్టు పెట్టుకున్న మనిషి, భుజాన ఎర్రగా ఏదో.

"గ్యాస్!" అని బయటి నుంచి కేక.

ఆమె నవ్వింది. "చూసినవా, కొట్టినంక మోగింది. నెట్ సక్కగ లేకుంటే గంతే. నయం, దొంగలు బండ మోసుకొస్తలేరు."

యజమాని చెప్పిన వాక్యం కొట్టేశాను. దుబాయ్ మాటా, ఇద్దరమే అన్న మాటా తీసేశాను. 'గేటు కాడ ఎవరున్నరో ఫోన్ల చూసి తలుపు తీస్తున్న' అన్నది మిగిలింది. వేరే గొంతుతో, పేరూ ఇల్లూ చూపకుండా, దుకాణం పేజీలో మాత్రమే పెట్టాలి, ఆమె వద్దన్ననాడు తీసేయాలి. అంతా రాసి వినిపించాక సంతకం పెట్టింది.

"మీ ఆయనను అడగాలా?"

"చెప్త. అడుగుడెందుకు, మాట నాది గదా."

యజమానికి ఫోన్ చేశాను.

"ఆ వాయిస్ పొద్దుగాలే సిరిసిల్ల వీడియో ఎడిటర్‌కు పంపిన గదా! బొమ్మలు గూడ పెడుతుండు."

ఎడిటర్ ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఈపాటికి ఎవరెవరి స్టేటస్‌లో ఆమె గొంతు వినిపిస్తోందో అనుకుంటూ మూడోసారి చేశాను. ఆమె నా ముఖాన్నే చూస్తోంది. చివరికి అతనే తిరిగి చేశాడు.

"యాడ పెట్టలే అన్నా. ఇప్పుడే తీసేస్తున్న."

తీసేసినట్టు స్క్రీన్‌షాట్ పంపాడు. యజమాని చేత కూడా ఆ మెసేజ్ తీయించి, నా ఫోన్‌లోది ఆమె ముందే తీసేశాను. ఆమె తలూపింది.

నేను బయట చెప్పులు వేసుకుంటుండగానే వెనక గొళ్లెం పడింది. ఆ తర్వాత ఇంకో గొళ్లెం.