బస్తాల్లేని ఆర్డర్లు

ఏలూరులో చేపల మేత, చెరువు మందులు సరఫరా చేసే సంస్థ ఒకదానిలో కంప్యూటర్ల బాధ్యత నాది. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల రైతులు తెల్లారేసరికే ఫోన్లు మొదలుపెడతారు. నీళ్ల మీద తేలే ఫీడ్ ఇన్ని బస్తాలు, నూనె తీసిన తవుడు ఇన్ని బస్తాలు అని చెబుతుంటే ఆర్డర్ డెస్కులో అమ్మాయిలు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. ఆ వివరాలు చూసుకునే తాడేపల్లిగూడెం గోడౌన్లో లారీలకు సరుకు ఎత్తుతారు. ఆ ఆర్డర్లన్నీ ఉండే డేటాబేసు మా ఆఫీసులో ఒకే ఒక సర్వర్లో ఉండేది.

నేను చేరిన కొత్తలో ఓనరు గారిని అడిగాను, బ్యాకప్ సంగతేమిటని.

"రోజూ రాత్రి అయిపోతుందమ్మా. పొద్దున్నే నా ఫోనుకి మెసేజ్ కూడా వస్తుంది, సక్సెస్ అని," అన్నారాయన, ఫోను తీసి చూపిస్తూ.

"ఎక్కడికి అవుతోందండీ?"

"అదుగో, ఆ పక్కనున్న డిస్కులోకి."

డిస్కు సర్వర్‌ని ఆనుకునే పెట్టి ఉంది. దాని కేబులు సర్వర్‌కే తగిలించి ఉంది. గదిలో నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా, వైరస్ దూరినా రెండూ కలిసే పోతాయన్నాను. సరే, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ తీసి తన కారులో పెట్టుకుంటానన్నారు. ఎండలో నిలబెట్టే కారది. అందరి ఆర్డర్లూ అందులో పెట్టుకుని ఆయన పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరుగుతారు. వద్దండీ బాబూ అన్నాను.

"పోనీ, తీసిన బ్యాకప్ నుంచి డేటా వెనక్కి వస్తుందో లేదో ఎప్పుడైనా చూశారా అండీ?"

"ఎందుకు రాదమ్మా? సక్సెస్ అంటోంది కదా."

ఈ ఒక్క మాట మీద నాకూ ఆయనకూ నెలల తరబడి వాదన నడిచింది. పరీక్షించడానికి ఒక ఖాళీ కంప్యూటరు కావాలి. చవితి అయ్యాక చూద్దామన్నారు. తర్వాత చేపలు పట్టే సీజనన్నారు. లేబుళ్లు అచ్చు వేసే పాత కంప్యూటరు మూల పడి ఉంది, అదివ్వండి చాలంటే, అది పని చేస్తోందమ్మా, దాన్ని పాడు చేయకు అన్నారు. చివరికి లేబుళ్ల ప్రింటరే చెడిపోయింది. అది బాగయ్యేలోగా ఆ కంప్యూటరు నా చేతికి చిక్కింది.

అందులో డేటాబేసు సాఫ్ట్‌వేర్ వేసి, ముందురోజు బ్యాకప్ ఫైలు ఎక్కించాను. ఎక్కడా ఆగకుండా ఎక్కింది. రైతుల పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, ఆర్డర్లు తేదీల వారీగా ఉన్నాయి. ఓనరు గారు నా వెనకే నిలబడి "చూశావా మరి!" అన్నారు. నేను గణపవరం వైపు రైతు ఒకాయన ఆర్డరు తెరిచాను. ఎవరికి పంపాలో ఉంది. ఏ చెరువు గట్టు మీదికి పంపాలో ఉంది. ఏం పంపాలన్నచోట ఖాళీ. ఇంకోటి తెరిచాను. ఖాళీ. వేసంగి నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ అంతే, ఒక్క బస్తా లేదు.

సాఫ్ట్‌వేర్ తయారుచేసిన విజయవాడ ఆయనకు ఫోన్ చేశాను.

"సక్సెస్ అనే వచ్చిందిగా మేడం?"

"సక్సెస్ వచ్చిందండీ. సరుకే రాలేదు."

ఆయన చాలాసేపు వెతికి చెప్పారు. ఒక ఆర్డరులో నాలుగైదు రకాల సరుకు వేసుకునేందుకు వేసవిలో సాఫ్ట్‌వేర్ మార్చి, సరుకు వివరాల కోసం కొత్త పట్టిక చేర్చారట. బ్యాకప్ తీసే లాగిన్‌కు మాత్రం పాత పట్టికలు చదివే అనుమతే ఒక్కొక్కటిగా ఇచ్చి ఉంది. కొత్తదానికి ఇవ్వలేదు. చదివే హక్కు లేని పట్టిక ఆ లాగిన్‌కు అసలు కనిపించదు. కనిపించినవన్నీ బుద్ధిగా కాపీ చేసి, పని పూర్తయిందని అది రోజూ మెసేజ్ పెడుతోంది. అబద్ధమేమీ చెప్పలేదు, పాపం.

"చిన్న పొరపాటు మేడం, నిమిషంలో సరిచేస్తాను," అన్నారాయన. చిన్నదట! నాకు ఒళ్లు మండిపోయింది.

అనుమతి సరిచేయించాక, ఎంత తరచుగా తీయాలన్న వాదన మొదలైంది. రాత్రి ఒక్కసారి చాలన్నారు ఓనరు గారు. ఆర్డర్లన్నీ పొద్దునపూట వస్తాయి కదండీ, మధ్యాహ్నం సర్వర్ పోతే ఆ పూట ఆర్డర్లన్నీ పోతాయి, మళ్లీ అందరినీ అడుగుతారా అన్నాను. అయితే గంటకోసారి మొత్తం తీసేయమన్నారు. తీసి చూస్తే ఆర్డర్లు ఎక్కించే వేళ సిస్టం నత్తలా నడిచింది, డెస్కు అమ్మాయిలు నన్ను తిట్టుకున్నారు. ఆఖరికి ఇలా కుదిరింది. రాత్రి ఒకసారి మొత్తం బ్యాకప్. ఆపైన జరిగే ప్రతి మార్పునూ డేటాబేసు వరసగా రాసుకునే లాగ్ ఫైళ్లుంటాయి, వాటిని పావుగంటకోసారి బయటికి పంపడం. ఒక కాపీ గోడౌన్లోని కంప్యూటరుకు, ఇంకోటి క్లౌడ్‌కు. నెలకోసారి గోడౌన్ కంప్యూటర్లో అన్నీ తిరిగి ఎక్కించి చూడడం. నెలకోసారి అన్నదానికి ఆయన ఒప్పుకున్నట్టు తలూపారంతే.

తరవాతి వానాకాలంలో ఒక ఉదయం, ఫోన్లు జోరుమీదున్న వేళ, కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. సర్వర్ మళ్లీ లేవలేదు. లోపల డిస్కు టక్కుటక్కుమంటోంది. ఇంటర్నెట్ కూడా పోయింది. గోడౌన్లో లారీలు నిలిచిపోయాయి. ఓనరు గారు నన్ను కారెక్కించుకుని తాడేపల్లిగూడెం బయల్దేరారు. భీమడోలు దాటేదాకా ఫోన్లో రైతులకు "వచ్చేస్తుందండీ, బయల్దేరిపోయిందండీ" అని చెబుతూనే ఉన్నారు. ఏది బయల్దేరిందో దేవుడికెరుక. మధ్యలో నావైపు తిరిగి, "అన్నీ వస్తాయా అమ్మా?" అన్నారు. ఆ గొంతు విని మొదటిసారి ఆయన మీద జాలేసింది.

"పోయిన నెల వచ్చాయండీ," అన్నాను.

గోడౌన్ ఇన్‌ఛార్జి గారు, నడివయసు ఆవిడ, కంప్యూటరు ముందున్న కుర్చీ తుడిచి ఇచ్చారు. "హమాలీలు కూర్చుండిపోయారండీ, కాస్త తొందరగా చూడండి," అన్నారు. రాత్రి బ్యాకప్ ముందు ఎక్కించాను. దాని తరవాతి లాగ్ ఫైళ్లను వరస తప్పకుండా ఒక్కొక్కటే నడిపించాను. ఇద్దరూ నా భుజాల మీంచి చూస్తూనే ఉన్నారు. చివరి ఫైలు అయ్యాక ఆ ఉదయపు ఆర్డరొకటి తెరిచాను. తేలే ఫీడ్ బస్తాలు కనిపించాయి. ఇన్‌ఛార్జి గారు నాకంటే ముందే బయటికి వెళ్లి హమాలీలను కేకేశారు.

ఆఖరి లాగ్ ఫైలు చేరాక ఎక్కిన ఆర్డర్లు మాత్రం రాలేదు. తిరిగొచ్చిన వాటిలో చివరి ఆర్డరు సమయం చూసి, ఆ తరవాత ఎవరెవరు ఫోన్ చేశారో డెస్కు ఫోన్లలో చూడమని ఏలూరులో ఉన్న అమ్మాయిలకు ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు తిరిగి ఫోన్లు చేశారు. "ఏవండీ, ఇందాకే కదండీ చెప్పింది, చెవిన పెట్టరా?" అని ఒకాయన విసుక్కున్నారు. మిగతావాళ్లు చెప్పారు. మధ్యాహ్నానికి లారీలు కదిలాయి.

కొత్త సర్వర్ వచ్చింది. ఇప్పుడు ఓనరు గారు తోటి వ్యాపారులకు బ్యాకప్ గురించి ఉపన్యాసాలిస్తున్నారు. పావుగంట ఎందుకమ్మా, నిమిషానికోసారి పంపలేమా అని నన్ను నిలదీశారు. చూస్తానన్నాను. ఆ నెల పరీక్ష రోజు గోడౌన్‌కు బయల్దేరుతుంటే గుమ్మంలో ఎదురయ్యారు.

"మొన్న నిజంగానే చేశాం కదమ్మా, ఈ నెలకి మానేద్దామా?"

కొత్త సర్వర్ నుంచి బ్యాకప్ ఎలా వస్తోందో ఇంకా ఎవరూ చూడలేదండీ అని చెప్పి బస్సెక్కాను.