నిప్పు, మంచు, మెరుపు: అరవై వరుసల తప్పు

ఆ వారం నా డైరీలో వాన గురించి ఒక్క ముక్క లేదు. అన్నీ రాక్షసుల చావులే.

మా చెల్లెలి కూతురు బెంగుళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేది. స్కూటరు మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుని, కట్టుతో ధర్మపురికి మా ఇంటికి వచ్చింది. విశ్రాంతికి కాదు. ఎనిమిది నెలలు తను రాసిన పద్ధతి సోమవారానికల్లా సరిగ్గా నడవకపోతే, దాన్ని ఆటలోంచి తీసేస్తామని ఆమె పైఅధికారి చెప్పినాడట.

ఆ పద్ధతి ఏమిటో నాకు మూడు మాటల్లో నేర్పింది. నిప్పు తగిలిన రాక్షసుడు కొన్ని సెకన్లు కాలుతూ నష్టపోతాడు. మంచు తగిలితే గడ్డకట్టి కదలడు. మెరుపు తగిలితే షాక్ పడుతుంది, అది ఉన్నంతసేపు ఏ దెబ్బైనా ఒకటిన్నర రెట్లు. ఇవి ఒకదానిమీద ఒకటి పడితేనే అసలు కథ. కాలుతున్నవాడి మీద మంచు పడితే మంట ఆరి ఆవిరి పేలుతుంది, వాడు గడ్డకట్టడు. గడ్డకట్టినవాడి మీద మెరుపు పడితే మంచు పగిలి పెద్ద దెబ్బ తగులుతుంది, షాక్ మిగులుతుంది.

గొడవ ఎక్కడంటే, నిప్పు, మంచు, మెరుపు అని ఒకే వరుసలో వేసినా, ఒక్కోసారి పెద్ద రాక్షసుడు సగం ప్రాణంతో మిగులుతున్నాడు, ఒక్కోసారి అక్కడికక్కడే చస్తున్నాడు. తన చెయ్యి ఆడదు గనుక మీటలు నేను నొక్కాలి, ప్రతిసారీ రాయాలి. నేను ముప్పై ఏళ్ళు సబ్‌స్టేషన్‌లో లాగ్‌బుక్ రాసినవాణ్ణి. గళ్ళు గీసి, మీట నొక్కిన వరుస, ఫలితం, పక్కన రిమార్కులు. శనివారం మధ్యాహ్నం కరెంటు కోత మొదలయ్యేలోపు అరవై వరుసలు నింపినాను.

ఆమె ఒంటిచేత్తో పేజీలు తిప్పింది. మీటలు నొక్కిన వరుస అన్నిట్లో ఒకటే, ఫలితం మటుకు రెండు రకాలు. ముఖం వాడిపోయింది. దెబ్బల లెక్క కట్టే చోటే ఏదో విరిగిందని, అది ఎప్పుడు ఏం చేస్తుందో చెప్పలేమని, తీసేయడమే మేలని పైఅధికారికి ఫోనులో చెప్పేసింది. నేను విన్నాను. నా కాగితాన్ని నమ్మే చెప్పింది.

సాయంత్రం కరెంటు వచ్చినాక రిమార్కుల గడి మళ్ళీ చదివినాను. అక్కడక్కడ 'స్తంభం వెనక', 'వాకిలి దగ్గర' అని రాసి ఉంది. అక్కడికక్కడే చచ్చినవన్నీ వాకిలివి. ఆటలో స్తంభం నేను నిలబడే చోటికి దగ్గర, వాకిలి దూరం. మీటలు మళ్ళీ నొక్కి, ఈసారి రాయకుండా తెర చూస్తూ కూర్చున్నాను.

నిప్పుముద్ద నిదానంగా ఎగురుతూ పోతోంది. మంచు నొక్కగానే వాడి కాళ్ళకింద పడుతుంది, మెరుపూ నొక్కగానే తగులుతుంది. దూరంగా ఉన్నవాడికి మంచు ముందు చేరింది, గడ్డకట్టినాడు. మెరుపుకి మంచు పగిలింది. షాక్ ఇంకా ఒంటిమీద ఉండగానే నిప్పు ఆఖరున వచ్చి తగిలింది. దగ్గరగా ఉన్నవాడికైతే నిప్పే ముందు చేరి, మంచు వచ్చి ఆవిరి అయిపోతుంది.

సబ్‌స్టేషన్‌లో మీట లాగితే అప్పుడే కరెంటు పోతుంది, చెయ్యి వేసిన నిమిషమే రాసే అలవాటు. ఇక్కడా అదే రాసినాను. దెబ్బలు రాక్షసుడికి చేరిన వరుస రాయలేదు.

ఆమెని పిలిచి చెప్పినాను. తెర చూసి, నన్ను చూసి, ఇంకోసారి వెయ్యమంది. వేసినాను.

"తప్పు నా లాగ్‌బుక్కుది. మీ పైఅధికారికి నేను చెప్పేదా, తల్లీ?" అని అడిగినాను.

"నువ్వు చెబితే ఏమంటాడు మామా, ముసలాయన్ని అడ్డం పెట్టుకున్నానంటాడు. ఇంకా రెండురోజులుంది. నేనే చెబుతా."

నడవలోకి పోయి మాట్లాడింది. చాలాసేపు అవతలాయనే మాట్లాడినట్టుంది. నేను నోటుబుక్కు మూసి, తెరిచి, మళ్ళీ మూసినాను.

తిరిగొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. పద్ధతి విరగలేదు గనుక ఉంచుతారట. దూరం చూసి వేసే ఆటగాడికి అది తెలివి కింద లెక్క. ఒకటే షరతు, పెద్ద రాక్షసుల మీద షాక్ వల్ల పెరిగే దెబ్బ సగానికి తగ్గించాలి.

"సంతోషమేనా?" అన్నాను.

"సగం సంతోషం. ఆయన అరవై వరుసలూ మళ్ళీ కావాలన్నాడు, తగిలిన వరుసతో."

కట్టు కట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "స్తంభం దగ్గర్నించి మొదలుపెట్టు మామా," అంది. నేను కొత్త పేజీలో ఒక గడి ఎక్కువ గీసినాను.