మిట్టమధ్యాహ్నపు అరగంట

దుర్గమ్మ గుడి గడప ముట్టుకుని, ఆ చేత్తోనే కలం పట్టుకుని రాస్తున్నాను: ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. యశ్వంతనగర్ గనుల నుంచి ఇరవై ఏళ్ళు ఖనిజం లారీ తోలినవాణ్ణి. ఘాట్‌లో బ్రేకులు పోతే ఒక చిరుతపులి ముందు చక్రం కింద రాయి దొర్లించి నా ప్రాణం కాపాడిందని చెప్పి, ఆ ఒక్క కథ మీద బళ్ళారి అంతటా టీలు తాగినవాణ్ణి. అయినా ఇది మాత్రం నిజం.

కాన్పుకు వచ్చిన మా అమ్మాయి పోయిన ఎండాకాలం ఇంకా సత్యనారాయణపేటలో మా ఇంట్లోనే ఉంది. మనవడికి నాలుగో నెల నడుస్తోంది. రాత్రిళ్ళు రెండుసార్లు పాలకు లేచి మళ్ళీ బుద్ధిగా పడుకునేవాడు. పేచీ అంతా పగటిపూటే. కళ్ళు మూసిన అరగంటకు ఠక్కున తెరిచేవాడు. అమ్మాయి తలంటుకుని జుట్టు తుడుచుకుంటూ ఉంటుంది, లేచేవాడు. కంచం ముందు కూర్చుని రెండో ముద్ద కలుపుతూ ఉంటుంది, లేచేవాడు. కాస్త నడుం వాల్చి కన్ను మూతపడే వేళకు సరిగ్గా లేచేవాడు. రోజుకు నాలుగైదు సార్లు ఇదే తంతు.

మా అమ్మాయి కళ్ళ కింద నలుపు తేలింది. అన్నం దగ్గర కూర్చుని అన్నం సంగతే మరిచిపోయేది. పైగా హొసపేట నుంచి వాళ్ళత్త రోజూ ఫోన్‌లో ఒకటే పాట: పాలు చాలకపోతేనే బిడ్డ లేస్తాడు, పోతపాలు పట్టు. పక్కింటావిడ ఒక అడుగు ముందుకేసి మందులషాపు నుంచి చిన్న సీసా తెచ్చిచ్చింది. జలుబు మందే, రెండు చుక్కలు వేస్తే రెండు గంటలు కదలడని ఆమె హామీ. అమ్మాయి ఆ సీసాను కిటికీ గూట్లో పెట్టింది. వెయ్యలేదు, అట్లని పారెయ్యనూ లేదు. పోతూ వస్తూ దానివైపు చూసేది. ఇంకో వారం ఇట్లాగే గడిస్తే ఆ మూత తెరుస్తుందని నాకు అనిపించింది.

నేనేం చేశాను? నాకు చేతనైంది చేశాను. కథ చెప్పాను.

మేం ఈ ఇల్లు కొనకముందు ఇక్కడ గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడని, అరగంటకోసారి గంట కొట్టే గోడ గడియారం మోగకపోతే ఆయనకు ఊపిరాడేది కాదని, ఒక మిట్టమధ్యాహ్నం అది ఆగిపోతే ఆయనా ఆగిపోయాడని వీధి అరుగు మీద కూర్చుని చెప్పాను. ఇప్పటికీ అరగంటకోసారి వచ్చి ఇంట్లో నడుస్తున్నవన్నీ సరిగా నడుస్తున్నాయో లేదో తాకి చూసుకుని పోతాడని, బిడ్డ లేచేది అందుకేనని అన్నాను. ఆ కథ సాయంత్రానికి రెండు వీధులు దాటింది. పక్కింటావిడ నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి గుమ్మానికి కట్టింది. "ఏమప్పా, ఇంత కాలం దయ్యంతో కాపురం చేస్తాండారు, మాకొక మాట చెప్పలేదే?" అని నన్ను నిష్ఠూరమాడింది కూడా.

అమ్మాయి నవ్వలేదు. మరునాడే బిడ్డను ఎత్తుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోదామంది. నేనూ వెంట పోయాను.

డాక్టరమ్మ ముందుగా "హెదరబేడి" అంది, భయపడొద్దని. తర్వాత బిడ్డను తూచింది, గుండె విన్నది, అమ్మాయిని ఒక్కొక్కటే అడిగింది. రోజుకు ఎన్ని బట్టలు తడుపుతాడు? పాలు తాగాక ఒళ్ళు విరుచుకుని ఏడుస్తాడా? గురక పెడతాడా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీసినట్టుంటుందా? పెదాలు నీలంగా మారాయా? లేచినప్పుడు ఏడుస్తూ లేస్తాడా, ఆడుకుంటాడా? బరువు బాగా పెరిగాడు. ఆరేడు బట్టలు తడుపుతాడు. లేచి ఫ్యాను చూసి నవ్వుతాడు. అయితే పాలు చాలుతున్నాయని ఆమె తేల్చేసింది. బరువు పెరగకపోయినా, జ్వరమొచ్చినా, పాలు తాగనన్నా, తడి బట్టలు తగ్గినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరిలో తేడా కనపడినా ఉన్నపళంగా తీసుకురమ్మంది. ఉత్త అరగంట నిద్ర మాత్రం జబ్బు కాదంది.

ఈ వయసులో నిద్ర ఒక చుట్టు తిరగడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుందట. చుట్టు పూర్తయినప్పుడు బిడ్డ నిద్ర పైకి తేలుతుంది. మనమూ అట్లాగే తేలి, పక్కకు ఒత్తిగిలి మళ్ళీ మునుగుతాం. బిడ్డకు ఆ మునగడం ఇంకా చేతకాదు. చాలామందికి ఐదారు నెలలు దాటాక అదే అలవడుతుంది. అంతవరకు గంటన్నర, రెండు గంటలు మేలుకున్నాక, ఆవులింతలు మొదలవగానే పడుకోబెట్టమంది. అప్పటికే అలిసి ఏడుస్తున్న బిడ్డ సరిగా పడుకోడు, మేలుకున్న కాసేపటికే పడుకోబెడితే నిద్ర నిలవదు. గది చీకటిగా ఉంచి, ఫ్యాను చప్పుడు ఒకే తీరుగా ఉండనిమ్మంది. చీర ఉయ్యాల వద్దు, గట్టి పరుపు మీద వెల్లకిలా, చుట్టూ దిండు గానీ దుప్పటి గానీ లేకుండా పడుకోబెట్టమంది. కదిలిన వెంటనే ఎత్తుకోకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడమంది. ఆ సీసా సంగతి విన్నప్పుడు మాత్రం ఆమె ముఖం మారింది. ఇంత చిన్న బిడ్డకు అది ఊపిరిని అణచగలదని, ఇంటికి పోగానే పారబోయమని చెప్పింది. మేం లేచి బయల్దేరుతుంటే ఒక మాట చేర్చింది: మూడు రోజులు రాసి పెట్టు, ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, లేచే ముందు ఏం జరిగింది.

సీసా ఆ సాయంత్రమే మోరీలో ఒలికింది. కానీ లేచే ముందు ఏం జరుగుతుందో అమ్మాయికి ఎట్లా తెలుస్తుంది? ఆమె లోపలి గదిలో పడుకుని ఉంటుంది. అందుకని మరునాడు మధ్యాహ్నం నడిమింట్లో పరుపుకు ఎదురుగా, అలమారలో, ఫోన్ నిలబెట్టి వీడియో పెట్టి పోయింది. దయ్యాన్ని పడతానని నాతో గానీ మా ఆవిడతో గానీ అనలేదు. చెప్పకుండానే పెట్టింది.

ఆ సాయంత్రం వంటింట్లో మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి అది చూపించింది. చీకటి గది. ఫ్యాను చప్పుడు. బిడ్డ పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. చాలాసేపు అంతే. ఇరవై ఎనిమిదో నిమిషంలో బిడ్డ కాళ్ళు కదిపి, మూతి ముడిచి, తల పక్కకు తిప్పాడు. అప్పుడు తెర అంచు నుంచి ఒక చెయ్యి వచ్చింది. మనిషి లేడు, చెయ్యి ఒక్కటే. నేను కల్పించిన ముసలాయనే వచ్చాడేమో అనుకున్నాను. ఆ చెయ్యి బిడ్డ ముక్కు కింద ఒక వేలు ఆనించి ఆగింది. బిడ్డ కళ్ళు తెరిచాడు. చెయ్యి వెనక్కి పోయింది.

అది మా ఆవిడ చెయ్యి.

"అమ్మా, రోజూ నువ్వేనా?" అంది అమ్మాయి.

ఆమె పొయ్యివైపు చూస్తూ, "బతికుండాడో లేదో చూస్తాండా. అంతే" అంది.

"ఊపిరి పొట్ట మీద కనపడ్తాది కదా, దూరం నుంచి చూస్తే చాలదా?" అన్నాన్నేను.

"చూస్తే నమ్మకం కుదరదు."

అప్పుడు ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో ఎవ్వరం పలకని మాట బయటికొచ్చింది. "నీకంటే ముందు ఒక పాప ఉన్నింది" అని మా ఆవిడ కూతురికి చెప్పింది. అప్పుడు మేం హచ్చొళ్ళిలో ఉండేవాళ్ళం. నాట్లకాలం, మిట్టమధ్యాహ్నం. మూడు నెలల పిల్లను బొంత మీద బోర్లా పడుకోబెట్టాం. అప్పట్లో అందరూ అట్లాగే పడుకోబెట్టేవాళ్ళు. గంట దాటినా పిల్ల లేవలేదు. లేపనా అని నేనడిగితే, మా ఆవిడ "ఇంతసేపు పడుకునిందంటే ఒళ్ళు బాగుండేదానికే. లేపొద్దు" అంది. ఇంకో గంటకు పోయి చూస్తే పిల్ల చల్లబడిపోయి ఉంది. ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ రోజు నుంచి ఏ బిడ్డ ఎక్కువసేపు పడుకున్నా మా ఇంట్లో ఒకరికి ఊపిరి నిలవదు.

అమ్మాయి కోప్పడలేదు. రాసిన కాగితం, ఆ వీడియో తీసుకుని మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయింది. నిద్ర తేలే సమయానికి వేలు తగిలితే ఏ బిడ్డైనా లేస్తాడని ఆమె చెప్పిందట. పోయిన పిల్ల గురించి ఎవరి తప్పని చెప్పడానికీ లేదు, వేలు పెట్టి చూసినందువల్ల అట్లాంటిది ఆగదు, వెల్లకిలా పడుకోబెట్టడం, గట్టి పరుపు, ముఖం దగ్గర బట్ట లేకపోవడం, ఇంట్లో పొగ లేకపోవడం, ఇవే కాపాడతాయి అందట.

మరునాడు మధ్యాహ్నం అమ్మాయి లోపల పడుకుంది. మేమిద్దరం బిడ్డకు నాలుగడుగుల దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. మా ఆవిడ మణికట్టును నేను గట్టిగా పట్టుకున్నాను. ఇరవై తొమ్మిదో నిమిషంలో వాడు కదిలాడు. కాళ్ళు ఎత్తాడు, కుంయ్‌మన్నాడు. పట్టుకున్న చెయ్యి బిడ్డవైపు లాగింది. వదల్లేదు. వాడు రెండు నిమిషాలు అటూ ఇటూ మసిలి లేచేశాడు. ఆ రోజు అంతే. రెండో రోజూ అంతే. మూడో రోజు మసిలి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ మునిగాడు.

ఆ తర్వాత ఇంట్లో కమ్ముకున్న నిశ్శబ్దం నేను ఏ ఘాట్‌లోనూ ఎరగను. నలభై నిమిషాలు. గంట. ఎండ కిటికీ సందులోంచి నేల మీద జరుగుతోంది. పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఒక్కోసారి బొంత మీద ఉన్నది మనవడేనా అనిపించింది. అక్కడ బొంతే లేదు.

గంటా పది నిమిషాలకు లోపలి నుంచి అమ్మాయి చెదిరిన జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. "బిడ్డ యాడ? ఏంది, ఇంకా లేవలేదా?" అంటూ వంగి చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. పొట్టవైపు చూసింది. నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుని మా పక్కన కూర్చుంది. అన్ని నెలల్లో పగలు ఆమె ఒక్క తీరున గంట పడుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత కూడా పొద్దుటి నిద్ర అరగంటగానే మిగిలింది. మధ్యాహ్నానిది మాత్రం మెల్లగా పొడుగైంది. బిడ్డకు ఐదో నెల చివర, పాలు మాన్పకుండానే అమ్మాయి అత్తగారింటికి పోయింది.

ఇక ఒప్పుకోవాల్సింది ఉంది. ఇందులో ఒక్కటే కల్పించాను. వీడియోలోని చెయ్యి మా ఆవిడది కాదు, నాది. ఆ సాయంత్రం అమ్మాయి "అమ్మా" అనలేదు, "నాయనా" అంది. పొయ్యివైపు చూసింది నేను. పాప సంగతి కూతురికి చెప్పింది నేను. దూరం నుంచి చూస్తే చాలదా అన్నది, నా మణికట్టు పట్టుకుని మూడు మధ్యాహ్నాలు వదలకుండా కూర్చున్నది మా ఆవిడ. గడియారాల ముసలాయన కథ కూడా ఎవరూ నా చేతివైపు చూడకూడదనే చెప్పాను.

హచ్చొళ్ళిలో ఆ మధ్యాహ్నం లేపనా అని అడిగింది ఆమె. లేపొద్దన్నది నేను.