కాదనలేక తిన్న రొట్టె

మా ఆయన నుర్గజీకి కాదనడం చేతకాదు. పక్కింటివాళ్ళు నిచ్చెన పట్టుకోమంటే, పట్టుకుని, ఎక్కి, సున్నం కూడా వేసి వస్తాడు. ఊళ్ళో వాళ్ళు దేవుడంటారు. దేవుడితో కాపురం ఎలా ఉంటుందో నన్నడగండి.

ఆయన ఇరవై ఏళ్ళు పనిచేసిన పాల ఫ్యాక్టరీ చలికాలం ముందు మూతపడింది. అప్పుడు ఆయనా, అక్కడి ల్యాబులో ఆయన పక్కన పనిచేసిన చినారా, మా రాజధాని బిష్కెక్‌లోని ఇంకో పాల కంపెనీకి దరఖాస్తు పెట్టారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. ఇంటర్వ్యూలన్నీ అయ్యేసరికి వీళ్ళిద్దరే మిగిలారు. చినారాకి మొగుడు లేడు, చిన్న కూతురుంది. ఇది రాకపోతే పిల్లని తల్లి దగ్గర వదిలి మాస్కోలో గిడ్డంగి పనికి పోవాలి. ఆ సంగతి మాకూ తెలుసు.

ఇంతలో తోక్‌మోక్‌లోని చీజ్ కంపెనీ మా ఆయనకి ఉద్యోగం ఇస్తామని కాగితం పంపింది. సోమవారం ఆయన ఒప్పుకుని సంతకం చేసి పంపేశాడు.

“ఇక బిష్కెక్ వాళ్ళకి ఇవాళే మెయిల్ పెట్టెయ్యి. నువ్వు తప్పుకుంటే ఆ చోటు చినారాది,” అన్నాను.

ఆయన కదలకపోతే నేనే ఫోను తీసుకుని, అక్కడ మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే ఆఫీసరు కనికేకి రాశాను. ‘కనికే గారికి నమస్కారం. ల్యాబు ఉద్యోగం విషయంలో మీరు నా కోసం వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు. నేను వేరే సంస్థలో ఉద్యోగానికి అంగీకరించాను కాబట్టి నా దరఖాస్తును వెనక్కి తీసుకుంటున్నాను. మీ సంస్థకు మేలు జరగాలని కోరుకుంటూ, నుర్గజీ.’

ఆయన చదివి మొహం ముడుచుకున్నాడు.

“ఇంతేనా? వాళ్ళ పిల్లల సంగతి అడగలేదు, ఆరోగ్యం అడగలేదు. మొహం మీద తలుపేసినట్టుంది.”

“ఆవిడకి రోజుకి వంద మెయిళ్ళొస్తాయి. నీ కుశలప్రశ్నలు ఎవడికి కావాలయ్యా?”

“ఆవిడ నన్ను మనిషిలా చూసింది. ఎదురుగా వెళ్ళి చెప్తాను. అదీ మర్యాద.”

మర్యాద అన్నాక ఇక నేనేం చెప్పినా ఎక్కదు. మూడు రోజులు నానబెట్టి, గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

వెళ్తే ఏమైంది? కనికే ఈయన్ని కూచోబెట్టి, టీ పోసి, రొట్టె తుంచి ముందు పెట్టింది. ముందుపెట్టిన రొట్టె ముట్టకుండా లేచి వెళ్ళేవాళ్ళు మా దేశంలో ఎవరూ లేరు. తిన్నాడు. ఆవిడ నవ్వుతూ, “డైరెక్టరు గారితో మీ గురించి గట్టిగా చెప్పాను నుర్గజీ గారూ. మీరు తప్పకుండా వస్తారుగా?” అంది. నోట్లో ఆవిడ రొట్టె. ఈయన తలూపాడు.

“తలూపావా!” అన్నాను.

“ఆవిడ పెట్టింది తింటూ కాదని ఎలా అననే?”

నెత్తి కొట్టుకున్నాను, నాదే. అప్పుడైనా మెయిల్ పంపమన్నాను. ‘రేపు’ అన్నాడు. శుక్రవారం పొద్దున్నే కంపెనీ ఈయనకి ఉద్యోగం ఇస్తున్నట్టు రాసింది, చినారాకి లేదని రాసేసింది. అప్పుడు నా నాలుగు వాక్యాలే పంపాడు. జవాబు ఇంకా చిన్నది. ‘తెలియజేసినందుకు ధన్యవాదాలు. మీకు శుభాకాంక్షలు.’

ఫోను చేశాడు. “చినారాని పిలవండమ్మా, మంచి పనిమంతురాలు,” అని బతిమాలాడు. కనికే గొంతులో కోపం కూడా లేదు. “మీరు వస్తారని నిన్ననే నా మాటగా చెప్పానండీ. ఇప్పుడు డైరెక్టరు, ఉన్నవాళ్ళతోనే నడుపుకోండి అని ఆ ఉద్యోగమే తీసేశారు. నేనడిగాను. వినలేదు.” ఇంకెవర్ని అడగాలో మాకు తెలియలేదు.

శనివారం చినారా మా ఇంటికొచ్చింది, చేతిలో మిఠాయి పొట్లంతో.

“అన్నా, ఎవరికో పోయే బదులు నీకొచ్చింది, సంతోషం. వదినా, రేపే నా ప్రయాణం, మాస్కోకి. పిల్ల అప్పుడప్పుడు మీ దగ్గరికొస్తుంది, కసరకు.” తర్వాత ఆయన్ని అడిగింది. “ఎప్పుడు చేరుతున్నావు?”

నేను పొయ్యి దగ్గరే నిలబడ్డాను.

“నేను తోక్‌మోక్ వెళ్తున్నా చినారా,” అన్నాడాయన.

“మరి బిష్కెక్ ఉద్యోగం?”

“తీసేశారు.”

ఆమె పొట్లం బల్ల మీద పెట్టింది. “తోక్‌మోక్ సంగతి ఎప్పుడు తేలింది అన్నా?”

“సోమవారం.”

ఆయన వంకే చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. లేచి కోటు తొడుక్కుంది. నాకు చేతనైంది ఒక్కటే. అలవాటుకొద్దీ రొట్టె పళ్ళెం ముందుకు జరిపాను. కాదనకుండా చినారా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది, నమలలేక చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.